వేరే ఉద్యోగం ఒప్పుకున్నారా? మొదటి కంపెనీకి ఆ రోజే నాలుగు ముక్కలు రాయండి



ఐర్లాండ్ పని కోసం మనవాళ్లు ఒక్కచోటే అప్లికేషన్ పెట్టి కూర్చోరు. కేర్ హోమ్ అయినా, మాంసం ఫ్యాక్టరీ అయినా, హోటల్ కిచెన్ అయినా నాలుగైదు చోట్ల పెడతారు. అందులో తప్పేం లేదు. ఒకచోట ఆఫర్ వస్తుంది, సంతకం పెడతారు. మిగతావాళ్లకు ఏమీ చెప్పరు. ఫోన్ మోగితే ఎత్తరు, మెయిల్ వస్తే చూసి మూసేస్తారు. వాళ్లే అర్థం చేసుకుంటారులే అనుకుంటారు. ఈసారి బులెటిన్‌లో నేను చెప్పదలచుకున్నది దీని గురించే. ఐర్లాండ్‌లో ఈ మౌనం వల్ల డబ్బు పోతుంది, నెలలు పోతాయి. ఎక్కువసార్లు ఆ నష్టం మీ వెనకాల లైన్లో ఉన్న ఇంకో మనవాడి మీద పడుతుంది.

దీనికి కారణం ఇక్కడి వర్క్ పర్మిట్ పద్ధతే. ఐర్లాండ్‌లో పర్మిట్ మనిషికి ఊరికే ఇచ్చేది కాదు. ఫలానా యజమాని దగ్గర ఫలానా పని చేయడానికని ఇస్తారు. హెల్త్‌కేర్ అసిస్టెంట్, మాంసం కోసే పని లాంటి వాటికి వచ్చేది జనరల్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్. దానికి అప్లికేషన్ వేయకముందే యజమాని ఆ ఉద్యోగం గురించి 28 రోజులు ప్రకటన ఇవ్వాలి. ఇక్కడివాళ్లు, యూరప్‌వాళ్లు ఎవరైనా వస్తారేమో చూడాలి. ఎవరూ దొరక్కపోతే ఆ ప్రకటన మొదట వేసిన రోజు నుంచి 90 రోజుల్లోపు పర్మిట్ అప్లికేషన్ వేయాలి. ఆ గడువు దాటిపోతే మళ్లీ ప్రకటన, మళ్లీ 28 రోజులు. రెండేళ్ల పర్మిట్‌కు ఫీజు 1,000 యూరోలు. ఆరు నెలల లోపు పర్మిట్ అయితే 500.

ఇప్పుడు ఆ ఫీజు గురించి మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. అప్లికేషన్ రిజెక్ట్ అయినా, నిర్ణయం రాకముందే వెనక్కి తీసుకున్నా, ఫీజులో 90 శాతం తిరిగి ఇస్తారు. అంటే వెయ్యిలో 900 యూరోలు వెనక్కి వస్తాయి. పర్మిట్ మంజూరైపోయాక ఈ వెసులుబాటు ఉండదు. మీరు సమయానికి రాసే ఒక చిన్న మెయిల్ విలువ అక్షరాలా 900 యూరోలు అన్నమాట.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది నేను ఊహించి చెప్తున్న కేసు, కానీ ఇలాంటివి మీకు తెలిసే ఉంటాయి. ఖమ్మం దగ్గర ఒక చెల్లెలు ఉంది, ఆసుపత్రిలో పేషెంట్లను చూసుకున్న అనుభవం ఉంది. రాస్‌కామన్‌లో ఒక నర్సింగ్ హోమ్ ఫిబ్రవరి 1న ప్రకటన వేసింది. మార్చి 3న ఆ చెల్లెలికి వీడియో ఇంటర్వ్యూ జరిగింది. 10న ఆఫర్ ఇచ్చారు, ఈమె సరేనంది. మార్చి 24న వాళ్లు వెయ్యి యూరోలు కట్టి ఆమె పేరు మీద పర్మిట్ అప్లికేషన్ వేశారు. ఈలోపు కిల్డేర్‌లో ఇంకో నర్సింగ్ హోమ్ నుంచి ఏప్రిల్ 2న ఆఫర్ వచ్చింది. అక్కడ జీతం కొంచెం ఎక్కువ, పైగా ఆమె మేనత్త కూతురు ఆ ఊళ్లోనే ఉంటుంది. ఏప్రిల్ 4న కిల్డేర్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేసింది.

ఏప్రిల్ 5న ఆమె రాస్‌కామన్ వాళ్లకు మెయిల్ పెట్టిందనుకోండి. వాళ్లు అప్లికేషన్ వెనక్కి తీసుకుంటారు, 900 యూరోలు తిరిగి వస్తాయి. ఫిబ్రవరి 1 నుంచి 90 రోజులంటే మే 2 దాకా టైం ఉంది. అంటే ఇంకా దాదాపు నాలుగు వారాలు. ఇంటర్వ్యూలో రెండో స్థానంలో నిలిచిన మనిషిని పిలిచి, అదే ప్రకటన మీద ఆ మనిషి పేరున అప్లికేషన్ వేయొచ్చు. ఆ రెండో మనిషి నెల్లూరు అమ్మాయో, కేరళ అబ్బాయో కావచ్చు. వాళ్ల బతుకులో ఒక ఉద్యోగం దొరుకుతుంది.

అదే ఆమె చెప్పకుండా ఊరుకుంటే? మే నెల మధ్యలో పర్మిట్ వచ్చేస్తుంది. నర్సింగ్ హోమ్ మేనేజర్ సంతోషంగా ఫోన్ చేస్తారు, ఈమె ఎత్తదు. వారం పది రోజులకు వాళ్లకు విషయం అర్థమవుతుంది. వెయ్యి యూరోలు పోయినట్టే. 90 రోజుల గడువూ దాటిపోయింది. మళ్లీ ప్రకటన వేయాలి, 28 రోజులు ఆగాలి, కొత్తగా అప్లికేషన్ వేయాలి, దాని నిర్ణయం కోసం ఎదురుచూడాలి. రెండో స్థానంలో నిలిచిన మనిషి అప్పటికి దుబాయ్‌కో ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉంటాడు. ఆ మేనేజర్ తర్వాతి సారి మన పేర్లున్న సీవీలు చేతికొస్తే ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు. ఐర్లాండ్ చిన్న దేశం. నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే ఉంటారు.

ఇక్కడ మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘వాళ్లు మనల్ని రిజెక్ట్ చేసినప్పుడు ఒక్క మాటైనా చెప్పారా? నలభై చోట్ల పెడితే ముప్పై ఐదు చోట్ల నుంచి జవాబే రాలేదు. మనమెందుకు మర్యాదకు పోవాలి?’ ఈ కోపంలో న్యాయం ఉంది. జవాబివ్వని కంపెనీలు తప్పు చేస్తున్నాయి. మీరు అప్లికేషన్ మాత్రమే పంపి, అటునుంచి ఒక్క మాట కూడా రాని చోటికి మీరేమీ రాయక్కర్లేదని నా అభిప్రాయం. వెబ్‌సైట్‌లో `Withdraw` అనే బటన్ ఉంటే ఒకసారి నొక్కండి చాలు. ఇంటర్వ్యూ చేసినవాళ్ల సంగతి వేరు. మీ కోసం గంటసేపు కూర్చున్నారు కాబట్టి రాయాలి. మీ పేరు మీద పర్మిట్ అప్లికేషన్ వేసినవాళ్లకైతే ఆ రోజే రాయాలి. వాళ్ల డబ్బు, వాళ్ల గడువు, ఇంకొకరి ఉద్యోగం అన్నీ మీ ఒక్క మాట మీద ఆగి ఉన్నాయి.

చాలామంది చెప్పకపోవడానికి కోపం కన్నా మొహమాటమే పెద్ద కారణం. ‘అంత మంచిగా మాట్లాడారు, ఇప్పుడు కాదంటే ఏమనుకుంటారో’ అని వాయిదా వేస్తారు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతుంది. ఇక్కడి వాళ్లకు ‘కాదు’ అనేది అవమానం కాదు. మనిషి వేరే ఉద్యోగం చూసుకోవడం వాళ్లకు రోజూ జరిగేదే. మామూలుగా వాళ్ల నుంచి వచ్చే జవాబు ‘పర్లేదు, ఆల్ ది బెస్ట్’ అని ఒక లైను. కొన్నిసార్లు ఆ లైను కూడా రాదు. వాళ్లకు ఇబ్బంది కలిగించేది తెలియకపోవడమే.

రెండో కారణం భయం. ‘కిల్డేర్ పర్మిట్ రాకపోతే? రాస్‌కామన్‌ను చేతిలో ఉంచుకుంటే మంచిది కదా!’ అని. ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. ఏజెంట్‌కు అప్పు చేసి కట్టినవాళ్లున్నారు, ఇంట్లో ఒకరి జీతమే ఆధారం. కానీ ఈ లెక్క వేసుకోవాల్సింది సంతకం పెట్టకముందు. సంతకం పెట్టాక రెండు పడవల మీద కాళ్లు పెట్టుకుని నిలబడితే ఎవరూ నిలవలేరు.

కాబట్టి కిల్డేర్ వాళ్లను ముందే అడగండి. 28 రోజుల ప్రకటన అయిపోయిందా, పర్మిట్ అప్లికేషన్ ఏ తారీకున వేస్తారు, మీ దగ్గర పనిచేసేవాళ్లలో సగం మందైనా ఇక్కడివాళ్లు లేదా యూరప్‌వాళ్లు ఉన్నారా? ఈ ఆఖరి ప్రశ్న ఎందుకంటే, సాధారణంగా ఒక కంపెనీలో కనీసం సగం మంది అలాంటివాళ్లు లేకపోతే పర్మిట్ ఇవ్వరు. నర్సింగ్ హోమ్ అయితే హిక్వా అనే తనిఖీ సంస్థ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో అందరూ చూడొచ్చు. ప్రకటనే ఇంకా వేయలేదని చెప్తే, జీతం వంద యూరోలు ఎక్కువని అటు దూకొద్దు. రాస్‌కామన్ ఫైలు అప్పటికే ముందుంది. ఆలోచించుకోవడానికి టైం కావాలంటే ఒక వారం ఇవ్వమని కిల్డేర్ వాళ్లనే అడగండి. ఒక వారం అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీని నేనైతే కొంచెం అనుమానంగా చూస్తాను.

ఇంకో మాట. ‘ఆఫర్’ అంటే ఏమిటో సరిగ్గా చూసుకోండి. వాట్సాప్‌లో ఏజెంట్ పెట్టిన ‘కంగ్రాట్స్, సెలెక్ట్ అయ్యారు’ అనే మెసేజ్ ఆఫర్ కాదు. కంపెనీ పేరు, పని చేసే చోటు, పని పేరు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎంత జీతం, ఇవన్నీ ఉన్న కాంట్రాక్టు మీద మీ సంతకం, వాళ్ల సంతకం రెండూ పడాలి. అప్పటిదాకా వేరేచోట ఉన్న అప్లికేషన్ వెనక్కి తీసుకోవద్దు. ఏజెంట్ తొందర పెట్టినా సరే. కొందరు ఏజెంట్లు ‘ముందు అక్కడ క్యాన్సిల్ చేయి, అప్పుడు ఇక్కడ ఫైల్ కదులుతుంది’ అంటారు. అలా చేసి రెండూ పోగొట్టుకోవడం కన్నా ఇద్దరి సంతకాలున్న కాగితం చూపించమని అడగడం మేలు.

ఇక రాయడం సంగతి. మనకు ఇంగ్లీషులో ఉత్తరం అనగానే ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలుపెట్టి, ఇంట్లో పరిస్థితి మొత్తం చెప్పి, చివర్లో క్షమించమని రెండుసార్లు అడిగే అలవాటు. స్కూల్లో లీవ్ లెటర్ అలాగే నేర్పారు కదా! ఇక్కడ అంత అక్కర్లేదు. ఐర్లాండ్‌లో మేనేజర్‌ను కూడా పేరు పెట్టే పిలుస్తారు. ఇంటర్వ్యూలో ఆవిడ పేరు చెప్పి ఉంటే ‘డియర్’ అని పక్కన ఆ పేరు రాస్తే చాలు, అది అమర్యాద కాదు. ఆ తర్వాత నాలుగు వాక్యాలు. ఆ చెల్లెలు ఇంగ్లీషులో రాయాల్సిన మెయిల్ సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

‘మార్చి 3న నన్ను ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇస్తానన్నందుకు ధన్యవాదాలు. నేను వేరేచోట ఉద్యోగానికి ఒప్పుకున్నాను, కాబట్టి మీ దగ్గర హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాను. మార్చి 24న నా పేరు మీద వేసిన పర్మిట్ అప్లికేషన్‌ను దయచేసి వెనక్కి తీసుకుని, తీసుకున్నాక నాకు ఒక మాట తెలియజేయండి. మీరు నా కోసం వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు.’

అంతే. కింద పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు. మెయిల్ సబ్జెక్ట్ దగ్గర `Withdrawal of application` అని, పక్కన ఉద్యోగం పేరు, మీ పేరు. రెఫరెన్స్ నంబరు ఇచ్చి ఉంటే అదీ పెట్టండి. ఒక పెద్ద నర్సింగ్ హోమ్ గ్రూపుకు రోజుకు వంద మెయిల్స్ వస్తాయి. సబ్జెక్ట్ చూడగానే విషయం తెలియాలి.

ఇంగ్లీషులో ‘విత్‌డ్రా’ అనే మాటే వాడండి. మనవాళ్లు కొందరు ‘ఐ రిజెక్ట్ యువర్ జాబ్’ అని రాస్తారు. మన మనసులో అలా లేకపోయినా, చదివేవాళ్లకు అది చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ‘క్యాన్సిల్ మై ఇంటర్వ్యూ’ అని మాత్రమే రాస్తే ఇంకో తారీకు అడుగుతున్నారనుకుని మళ్లీ ఫోన్ చేస్తారు.

ఏది రాయకూడదో కూడా చెప్తాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. కొత్త కంపెనీ పేరు రాయక్కర్లేదు, జీతమూ రాయక్కర్లేదు. వాళ్లు అడిగినా ‘నాకు, నా కుటుంబానికి అక్కడ అనుకూలంగా ఉంది’ అంటే సరిపోతుంది. అబద్ధం మాత్రం రాయొద్దు. ‘నాన్నకు ఆరోగ్యం బాగాలేదు, ఐర్లాండ్ రావడం లేదు’ అని రాసి, మూడు నెలలకు పక్క జిల్లాలో పనిలో కనిపించినవాళ్లు ఉన్నారు. ట్రైనింగ్ క్లాసులోనో, బస్ స్టాప్‌లోనో ఎదురుపడితే మీకే తల వంచుకోవాల్సి వస్తుంది. ‘కిల్డేర్ వాళ్లు ఇంత ఇస్తున్నారు, మీరు అంతకన్నా ఎక్కువిస్తే వస్తాను’ అనే బేరం ఈ మెయిల్‌లో పెట్టొద్దు. బేరం ఆడాలంటే కిల్డేర్ సంతకానికి ముందే ఆడాలి. ఇంకొకటి, మనలో ఉన్న మంచి గుణమే ఇది, కానీ ఈ మెయిల్‌లో వద్దు: ‘నా బదులు మా తమ్ముడు ఉన్నాడు, వాడిని తీసుకోండి’ అని. తమ్ముడి గురించి చెప్పాలనుకుంటే వాళ్ల జవాబు వచ్చాక విడిగా రాయండి. తమ్ముడే సొంతంగా అప్లై చేసుకుంటే ఇంకా మంచిది.

వాయిస్ మెసేజ్ పంపొద్దు. మేనేజర్‌కు ఫోన్ చేసి చెప్పగలిగితే మంచిదే, గొంతులో మర్యాద తెలుస్తుంది. కానీ ఫోన్ పెట్టేశాక అదే మాట మెయిల్‌లో కూడా పెట్టండి. మీరు ఎప్పుడు చెప్పారన్నది తారీకుతో సహా రాతలో ఉండాలి. ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేసేవాళ్లు టైం చూసుకోండి. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా ఐర్లాండ్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది, మిగతా కాలం ఐదున్నర. అంటే ఏప్రిల్‌లో మనకు మధ్యాహ్నం రెండున్నర అయితే అక్కడ పొద్దున పది. నర్సింగ్ హోమ్‌లో పొద్దున పూట పేషెంట్లను లేపడం, టిఫిన్లు, మందులు అని ఊపిరాడదు. ఆ పది, పదకొండు గంటల సమయమే నయం.

మెయిల్‌లో ‘తీసుకున్నాక తెలియజేయండి’ అని ఎందుకు పెట్టమన్నానంటే, పర్మిట్ అప్లికేషన్ యజమాని వేసినప్పుడు మీరు నేరుగా వెనక్కి తీసుకోలేరు, వాళ్లే తీసుకోవాలి. మీరే వేసుకుని ఉంటే మీరే తీసుకోవాలి. ఏజెంట్ ద్వారా వేసి ఉంటే ఏజెంట్‌కూ, కంపెనీకీ ఇద్దరికీ రాయండి. ఏజెంట్‌కు ఒక్కడికే చెప్తే అది కంపెనీ దాకా వెళ్తుందన్న గ్యారంటీ లేదు. వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద ‘దీని గురించి ఒకసారి తెలియజేయగలరా’ అని ఒక్క లైను రాయండి. జవాబు వచ్చాక ఆ మెయిల్ దాచుకోండి, స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ఒకే మనిషి పేరు మీద రెండు కంపెనీల ఫైళ్లు ఉండి రేపు ఎవరైనా ప్రశ్న వేస్తే, ఫలానా రోజున తప్పుకున్నానని చూపించడానికి ఆ కాగితం ఉంటుంది.

ఇదంతా వద్దు, రాస్‌కామన్ పర్మిట్ వచ్చేసింది కదా, దాని మీదే వీసా తీసుకుని దిగి, తర్వాత కిల్డేర్‌లో చేరిపోదాం అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. రాస్‌కామన్ యజమాని పేరున్న పర్మిట్‌తో కిల్డేర్‌లో పనిచేయడం చట్టవిరుద్ధం, మీకూ వాళ్లకూ. 2024 సెప్టెంబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పర్మిట్ చట్టం ప్రకారం, మొదటి పర్మిట్ మీద తొమ్మిది నెలలు ఆ యజమాని దగ్గర పనిచేశాకే మామూలుగా వేరే యజమానికి మారొచ్చు. అంతకుముందు ఇది ఏడాది ఉండేది. అందుకే ఏ కాంట్రాక్టుతో దిగుతారన్నది కనీసం తొమ్మిది నెలల సంగతి. వంద యూరోల తేడా ఒక్కటే చూడకండి. ఉండటానికి గది దొరికే ఊరేనా, నైట్ డ్యూటీలు ఎన్ని, బస్సు ఉందా, అవి కూడా సంతకానికి ముందే చూసుకోండి.

ఇప్పటికే ఐర్లాండ్‌లో పనిలో ఉండి వేరేచోటికి మారుతున్నవాళ్లది వేరే సంగతి. అది అప్లికేషన్ వెనక్కి తీసుకోవడం కాదు, రాజీనామా. 13 వారాలు పనిచేసి ఉంటే చట్టం ప్రకారం కనీసం ఒక వారం ముందు నోటీసు ఇవ్వాలి. కాంట్రాక్టులో నెల అని ఉంటే నెల. దాని గురించి ఇంకో బులెటిన్‌లో విడిగా రాస్తాం.

ఆఖరుగా, మీరు మర్యాదగా మెయిల్ పెట్టాక అటునుంచి బెదిరింపు వస్తే ఏం చేయాలి? చాలా కంపెనీలు అలా చేయవు. ఇబ్బంది పెట్టేది ఎక్కువగా మధ్యవర్తులే. ‘మా ఖర్చు రెండు లక్షలైంది, కట్టకపోతే నీ మీద బ్లాక్‌లిస్ట్ పెట్టిస్తాం, ఐర్లాండ్‌లో అడుగు పెట్టలేవు’ అంటారు. యజమాని దగ్గర ఉద్యోగం వద్దనుకున్నందుకు ఒక మనిషిని దేశంలోకి రానీయకుండా ఆపే అధికారం ఏ ఏజెంట్‌కూ లేదు. ఐర్లాండ్‌లో పనిచేసే ఏజెన్సీకి లైసెన్స్ ఉండాలి. ఉద్యోగం వెతికిపెడతానన్నందుకే కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని అక్కడి చట్టం. పర్మిట్ ఫీజును, మిమ్మల్ని తీసుకోవడానికైన ఖర్చును పర్మిట్ మీద పనిచేసే కార్మికుడి జీతంలోంచి కోయడానికి యజమానికీ హక్కు లేదు. మీ పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఎవరి దగ్గరైనా ఉంటే వెంటనే తిరిగి అడగండి, దాన్ని పట్టి ఉంచుకోవడం కూడా నేరమే.

అలాంటి మెసేజ్ వస్తే తిట్టొద్దు, తిరిగి బెదిరించొద్దు, డబ్బూ పంపొద్దు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. డబ్లిన్‌లో మైగ్రెంట్ రైట్స్ సెంటర్ ఐర్లాండ్ అనే సంస్థ వలస కార్మికులకు ఉచితంగా సలహా ఇస్తుంది. ఏం రాయాలో తోచకపోతే మెయిల్ పంపకముందే ఈ గ్రూపు అడ్మిన్‌లలో ఎవరికైనా విడిగా మెసేజ్ పెట్టండి, ఇంగ్లీషు సరిచేసి ఇస్తారు. గ్రూపులో అందరి ముందూ పెట్టొద్దు, మీ కంపెనీ పేరు, మీ పాస్‌పోర్ట్ నంబరు అందులో ఉంటాయి.